మోకాలి మార్పిడి తర్వాత డి-డైమర్ 2,340: అమ్మకు గడ్డ కట్టినట్టేనా?

*మా అమ్మకు 74 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి. కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగి 16 రోజులైంది. ఇంటికి పంపేటప్పుడు రివరోక్సబాన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున 14 రోజులకు రాశారు. అవి మొన్నటితో అయిపోయాయి. బంధువులు చెబితే, ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్‌లో పరీక్షల ప్యాకేజీ చేయించాం. అందులో డి-డైమర్ 2,340 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. 500 లోపు ఉండాలట. భయపడి మర్నాడు వేరే ల్యాబ్‌లో చేయిస్తే 1.12 అని వచ్చింది. ఏది నమ్మాలో తెలియడం లేదు. అమ్మకు ఆయాసం లేదు, వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఆపరేషన్ అయిన కాలు సాయంత్రానికి వాస్తుంది, పొద్దుటికి తగ్గుతుంది. మందుల షాపు ఆయన అదే మాత్ర 15 మిల్లీగ్రాములది రెండు పూటలా మొదలుపెట్టమంటున్నారు. తమ్ముడు సీటీ స్కాన్ తీయిద్దామంటున్నాడు. ఏం చేయాలి? రెండు వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించాలా?*

*— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

ముందుగా ఒక మాట. ఆ 15 మిల్లీగ్రాముల మాత్రలు మొదలుపెట్టకండి. ఇప్పటికే ఒకటి రెండు వేసి ఉంటే, ఆ సంగతి ఈరోజే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి.

మీ అమ్మగారు ఇన్నాళ్లూ వేసుకున్న 10 మిల్లీగ్రాముల మాత్ర గడ్డ కట్టకుండా కాపాడే మోతాదు. మందుల షాపు ఆయన చెప్పింది గడ్డ కట్టిందని తేలిన వారికి మొదటి మూడు వారాలు ఇచ్చే చికిత్స మోతాదు. పెట్టె మీద పేరు ఒకటే, రోజుకు లోపలికి వెళ్లే మందు మాత్రం మూడింతలు. కోత ఇంకా పూర్తిగా మానని కాలికి, 74 ఏళ్ల మనిషికి, కాగితం మీద ఒక అంకె చూసి ఆ మోతాదు ఇవ్వకూడదు. ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో తెలిస్తే నేనెందుకు ఇంత గట్టిగా అంటున్నానో మీకే అర్థమవుతుంది.

మనకు ఎక్కడ గాయమైనా రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్ అనే మాంసకృత్తు ఫైబ్రిన్ అనే సన్నటి దారాలుగా మారుతుంది. ఆ దారాలు వలలా అల్లుకుని, ఒకదానికొకటి ముడిపడి, రక్తకణాలను పట్టి గడ్డగా నిలబెడతాయి. రక్తస్రావం ఆగేది అలాగే. గాయం మానుతున్న కొద్దీ ఆ వలతో అవసరం తీరిపోతుంది. అప్పుడు శరీరమే ప్లాస్మిన్ అనే ఎంజైముతో ఆ దారాలను తెగ్గొట్టి శుభ్రం చేసుకుంటుంది. ఆ తెగిన ముక్కల్లో ఒక రకం, అంటే ముడిపడిన రెండు కొసలు విడిపోకుండా మిగిలిన ముక్క, పేరే డి-డైమర్. కాబట్టి రక్తంలో డి-డైమర్ ఉందంటే శరీరంలో ఎక్కడో ఫైబ్రిన్ తయారైంది, అది కరుగుతోంది అని అర్థం. ఎక్కడ తయారైంది, ఎందుకు తయారైంది, అది ఉండవలసిన చోట ఉందా, ఉండకూడని చోట ఉందా అన్నది ఆ ముక్క మీద రాసి ఉండదు.

వీధి చివర ఎంగిలి విస్తళ్ల కుప్ప కనిపిస్తే ఆ వీధిలో భోజనాలు జరిగాయని చెప్పగలం. అది పెళ్లి భోజనమో పెద్దకర్మ భోజనమో విస్తళ్లను చూసి చెప్పలేం. డి-డైమర్ సంగతీ అంతే.

ఇప్పుడు మీ అమ్మగారి మోకాలిలో ఏం జరిగిందో ఒకసారి చూడండి. చర్మం, దాని కింది కణజాలం కోశారు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం రంపంతో చెక్కి సరిచేశారు. ఎముక లోపలి మూలుగంతా రక్తంతో నిండి ఉంటుంది. కుట్లు వేశాక కూడా కీలు చుట్టూ కొంత రక్తం చేరుతుంది. పైనుంచి కిందికి దిగి పిక్క మీద, చీలమండ దగ్గర నల్లగా, తర్వాత పసుపుగా కనిపించే మచ్చలు ఆ రక్తమే. ఇంత గాయాన్ని మూసేందుకు ఫైబ్రిన్ ఎంత కావాలో, మానేటప్పుడు అంతా కరగాలి. అందుకే మోకాలి మార్పిడి అయిన వారిలో డి-డైమర్ ఆపరేషన్ మర్నాటికే బాగా పెరుగుతుంది, రెండు మూడు రోజుల్లో కాస్త దిగుతుంది, వారం నాటికి మళ్లీ పైకి లేస్తుంది. ఈ రెండో పెరుగుదలే ఇంట్లోవాళ్లను ఎక్కువగా కంగారు పెడుతుంది, ఎందుకంటే అప్పటికి మనిషి కోలుకుంటున్నట్టే కనిపిస్తుంది. నిజానికి కోలుకుంటున్నారు కనుకనే అది పెరుగుతుంది. లోపల పేరుకున్న రక్తం, ఫైబ్రిన్ కరిగే పని ఆ రోజుల్లోనే జోరుగా సాగుతుంది. ఆ తర్వాత దిగడం మొదలైనా మామూలు స్థాయికి చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. పదహారో రోజున 2,340 ఉండటంలో వింత లేదు. 16వ రోజున 400 వచ్చిందని ఎవరైనా రాస్తే నేను ముందు ఆ రిపోర్టు వాళ్లదేనా అని చూసుకోమంటాను.

దీనికి తోడు వయసు. ఆపరేషన్ ఏమీ లేకపోయినా వయసు పెరిగే కొద్దీ డి-డైమర్ పెరుగుతుంది. రక్తనాళాల గోడలు అరగడం, కీళ్లలోనో చిగుళ్లలోనో చిన్నపాటి వాపులు, మూత్రపిండాల వేగం తగ్గడం, ఇలా చాలా కలుస్తాయి. కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ ఉందేమోనన్న అనుమానంతో పరీక్ష చేయించుకుని, చివరికి గడ్డ లేదని తేలిన 80 ఏళ్లు దాటిన వారిని వందమందిని తీసుకుంటే, వారిలో సుమారు 85 మందికి డి-డైమర్ 500 దాటే ఉంటుంది. గడ్డ లేని వారిలో వందకు 85 మందికి ఎర్ర అక్షరాలు చూపించే పరీక్ష, గడ్డ ఉందని ఎలా రుజువు చేయగలదు?

ఈ ఇబ్బంది తెలిసే 50 ఏళ్లు దాటిన వారికి ఆ 500 గీతను పైకి జరిపారు. వయసును పదితో హెచ్చవేస్తే వచ్చేదే వారి గీత. మీ అమ్మగారికి 740. యూరప్‌లోని కొన్ని ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల్లో గడ్డ అనుమానంతో వచ్చిన వారి మీద ఈ లెక్కను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. గడ్డ అవకాశం మరీ ఎక్కువగా లేదని డాక్టర్ చూసి తేల్చిన వారిలో, ఈ కొత్త గీత లోపు వస్తే స్కాన్ లేకుండా ఇంటికి పంపవచ్చని తేలింది. చాలా ల్యాబ్ రిపోర్టుల్లో మాత్రం ఇరవై ఏళ్ల కుర్రవాడికీ డెబ్బై నాలుగేళ్ల అమ్మకూ ఒకటే 500 అచ్చవుతుంది. అయితే మీ అమ్మగారి విషయంలో 740 గీత కూడా అక్కరకు రాదు. అది బయటి నుంచి అనుమానంతో వచ్చిన వారికోసం పెట్టిన గీత, మోకాలి ఎముకలు కోసి రెండు వారాలైన వారికోసం పెట్టింది కాదు. నిమోనియా, కోవిడ్ లాంటి ఇన్‌ఫెక్షన్లు, క్యాన్సర్, కాలేయ జబ్బు, గర్భం, ఈ మధ్యే తగిలిన పెద్ద దెబ్బ ఉన్నా ఇదే చిక్కు.

మరి ఈ పరీక్ష ఉన్నది ఎందుకు? గడ్డ లేదని చెప్పడానికి. ఉదాహరణకు, పిక్క నొప్పితో నడుచుకుంటూ వచ్చిన నలభై ఏళ్ల మనిషిని డాక్టర్ చూసి, గడ్డ అవకాశం తక్కువ అనుకున్నాక, డి-డైమర్ కూడా తక్కువ వస్తే ఇక స్కాన్ అక్కర్లేదు. ఎక్కువ వస్తే తేలేది ఒక్కటే, ఈ పరీక్షతో విషయం తేలలేదని, స్కాన్ చూడాలని. ఆపరేషన్ అయిన వారిలో ఎలాగూ ఎక్కువే వస్తుంది కనుక ఆ ఒక్క ఉపయోగమూ పోతుంది. అందుకే మీ సర్జన్ ఆ పరీక్ష రాయలేదు. ఆయన మరిచిపోలేదు, దాంతో పని లేదని రాయలేదు. కోవిడ్ రోజుల్లో డి-డైమర్ పేరు ఇంటింటికీ తెలిసింది, అప్పుడు ఆసుపత్రిలో చేరిన వారిలో జబ్బు తీవ్రత అంచనా వేయడానికి దాన్ని చూసేవాళ్లు. ఆ అలవాటుతోనే అది ఇప్పుడు ఎవరూ అడగని ప్యాకేజీల్లోకి వచ్చి చేరింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

ఇక మీ రెండు రిపోర్టులు. మొదటిది 2,340, రెండోది 1.12. చూడగానే ఒకటి ప్రమాదం, ఇంకొకటి క్షేమం అనిపిస్తుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. మొదటి దానిలో మిల్లీలీటరుకు నానోగ్రాములు, ఆ పక్కన ఎఫ్‌ఈయూ అని ఉండాలి. 500 గీత ఆ కొలతదే. రెండో దానిలో మైక్రోగ్రాములు, డీడీయూ అని ఉండాలి, గీత 0.25 అని ఉంటుంది. మీరు ఆ గీత రాయలేదు కాబట్టి నేను ఊహిస్తున్నాను, సరిచూసుకోండి. ఒక మైక్రోగ్రాము అంటే వెయ్యి నానోగ్రాములు, అంటే 1.12 కాస్తా 1,120 అవుతుంది. డీడీయూ అన్నది డి-డైమర్ ముక్కను మాత్రమే తూచే కొలత. ఎఫ్‌ఈయూ అన్నది ఆ ముక్క ఎంత ఫైబ్రినోజన్ నుంచి వచ్చిందో లెక్కగట్టే కొలత. ఎఫ్‌ఈయూ అంకె డీడీయూ అంకెకు ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. 1,120ని రెట్టింపు చేస్తే 2,240. అంటే మీ రెండు ల్యాబ్‌లూ దాదాపు ఒకే మాట చెప్పాయి. ఇంకోలా చూసినా అంతే, మొదటిది తన గీతకు నాలుగున్నర రెట్లు పైన ఉంది, రెండోదీ అంతే.

ఒకవేళ రెండో కాగితంలో డీడీయూ కాక ఎఫ్‌ఈయూ, గీత 0.5 అని ఉంటే, అప్పుడు అది 1,120 అవుతుంది. ఒక్క రోజులో సగానికి తగ్గిందనీ అనుకోకండి. ఒక్కో ల్యాబ్ ఒక్కో కంపెనీ కిట్ వాడుతుంది, వాటి మధ్య అంకెలు సరిపోలవు. ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చి పెరిగిందనో తగ్గిందనో చెప్పడం ఈ పరీక్షలో కుదరని పని.

అంకె చెప్పకపోతే గడ్డ ఉందో లేదో ఎలా తెలుస్తుంది అని మీరు అడుగుతారు. ఆ భయం ఉత్తిది కాదు. మోకాలి, తుంటి ఆపరేషన్ల తర్వాత కాలి లోతు సిరల్లో గడ్డ కట్టే ప్రమాదం నిజంగానే ఉంది, అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. మీ అమ్మగారికి 14 రోజులు మాత్రలు ఇచ్చింది అందుకే. కాబట్టి చూడవలసింది మనిషిని, కాలిని.

రేపు పొద్దున్న ఆవిడ మంచం దిగకముందే దర్జీ టేపు ఒకటి తీసుకోండి. మోకాలి చిప్పకు కాస్త కింద, కాలి ఎముక ముందు భాగంలో చేతికి గట్టిగా తగిలే చిన్న బొడిపె ఉంటుంది. కుట్ల పట్టీ దాని మీదికి వచ్చి ఉంటే ఎడమ కాలి మీద చూసి కుడికాలి మీద అంచనా వేసుకోండి, పట్టీ కదపకండి. ఆ బొడిపె నుంచి పది సెంటీమీటర్లు కిందికి కొలిచి పెన్నుతో చుక్క పెట్టండి. ఆ చుక్క దగ్గర పిక్క చుట్టూ టేపు వదులుగా కాకుండా, నొక్కకుండా చుట్టి కొలవండి. రెండు కాళ్లకూ కొలిచి, తేదీ వేసి రాసుకోండి. వైద్యుల లెక్కలో మూడు సెంటీమీటర్లు దాటిన తేడాకు విలువ ఉంది. ఆ తర్వాత పిక్క వెనక మెల్లగా నొక్కి, సిర వెళ్లే దారి వెంట ప్రత్యేకంగా నొప్పి ఉందేమో అడగండి. చీలమండ దగ్గర ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదిలితే గుంట పడుతోందా అని రెండు కాళ్లకూ చూడండి.

ఈ వివరాలను డాక్టర్లు వెల్స్ స్కోరు అనే పట్టికలో వేసి చూస్తారు. మీ అమ్మగారికి అది ఎలా పనిచేస్తుందో చెబుతాను. పన్నెండు వారాల లోపు పెద్ద ఆపరేషన్ అయింది కనుక ఒక పాయింటు ఖాయం. ఆ కాలికి మాత్రమే గుంట పడే వాపు ఉంటే ఇంకొకటి. కానీ వాపుకు గడ్డంత బలమైన వేరే కారణం కళ్లముందు ఉంటే రెండు తీసేయాలి. ఇక్కడ ఆపరేషనే ఆ కారణం. అలా చూస్తే లెక్క సున్నా. పిక్కల తేడా రెండు సెంటీమీటర్లే ఉండి, నొప్పి కోత దగ్గరే ఉంటే మీ అమ్మగారు ఇక్కడే ఉన్నారు. మీరు రాసిన దాన్నిబట్టి నాకు ఎక్కువగా అనిపిస్తున్నదీ ఇదే. సాయంత్రానికి వాచి, రాత్రి కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే పొద్దుటికి తగ్గే వాపు మోకాలి ఆపరేషన్ తర్వాత నెలల తరబడి ఉండవచ్చు. అదే పిక్క తేడా నాలుగు సెంటీమీటర్లు ఉండి, సిర దారి వెంట నొక్కితే నొప్పి కూడా ఉంటే మరో రెండు పాయింట్లు కలుస్తాయి. లెక్క రెండుకు చేరుతుంది. రెండు అయితే గడ్డ ఉండే అవకాశం గట్టిగా ఉన్నట్టే. అప్పుడు డి-డైమర్‌తో పనిలేదు, నేరుగా కాలి సిరలను చూసే డాప్లర్ స్కాన్‌కు పంపాలి. డి-డైమర్ తక్కువ ఉన్నా పంపాలి. అందులోనూ మొన్నటిదాకా రక్తం పలచబరిచే మాత్ర వేసుకున్న వారిలో ఈ అంకె ఉన్నదానికంటే తక్కువగా రావచ్చు. ఎక్కువ వస్తే గడ్డ ఉందని కాదు, ఈ పరిస్థితిలో తక్కువ వచ్చినా లేదని ధీమా పడే వీల్లేదు.

ఈ స్కోరును మీరు ఇంట్లో వేసుకుని నిర్ణయం తీసుకోమని నేను చెప్పడం లేదు. ముఖ్యంగా ఆ రెండు పాయింట్లు తీసేయడం చేతితో పట్టి చూసిన డాక్టర్ చేయవలసిన తీర్పు. చేయి తిరిగిన డాక్టర్‌కు కూడా ఆపరేషన్ అయిన కాలిని చూసి కచ్చితంగా చెప్పడం కష్టమే, అనుమానం మిగిలితే డాప్లర్ చేయిస్తారు. మీరు చేయవలసింది కొలతలు పట్టుకుని సర్జన్‌తో మాట్లాడటం. ‘డి-డైమర్ ఎక్కువ వచ్చింది’ అని మొదలుపెడితే మాటంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. ‘కుడి పిక్క ఇంత, ఎడమ పిక్క ఇంత, పొద్దున్న కూడా వాపు ఉంది లేదా లేదు, ఇక్కడ నొక్కితే నొప్పి’ అని చెప్పండి.

తమ్ముడు చెప్పిన సీటీ స్కాన్ ఊపిరితిత్తుల నాళాలకు తీసేది. సిరలోకి రంగు మందు ఎక్కించి తీస్తారు. షుగరు ఉన్న వారిలో అంతకుముందు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకోవాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, గుండె దడ ఏవీ లేని మనిషికి అది అవసరం లేదు. కాలి గడ్డకు చేసేది డాప్లర్. గజ్జ నుంచి మోకాలి వెనక దాకా, పిక్క దాకా సిర మీద ప్రోబ్‌తో నొక్కుకుంటూ వస్తారు. మామూలు సిర నొక్కితే అణిగిపోతుంది, తెర మీద దాని రెండు గోడలూ కలుస్తాయి. గడ్డ ఉన్నచోట అణగదు. నొప్పి లేదు, సూది లేదు, రంగు మందు లేదు.

అంత తేలికైన స్కాన్ అయితే ధైర్యం కోసం ఇప్పుడే తీయించేస్తే పోలేదా అనిపిస్తుంది. లక్షణాలు ఏ కాస్త అనుమానంగా ఉన్నా తీయించండి, నేను అడ్డుచెప్పను. కానీ ఏ లక్షణమూ లేని వారందరికీ మోకాలి ఆపరేషన్ తర్వాత ఈ స్కాన్ చేయాలని వైద్య మార్గదర్శకాలు చెప్పవు, వద్దనే చెబుతాయి. వెతికితే పిక్కలోని సన్నటి సిరల్లో చిన్న చిన్న గడ్డలు చాలామందిలో కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఎవరికీ తెలియకుండానే వచ్చి, వాటంతట అవే కరిగిపోయేవి. ఒకసారి కనిపించాక వదిలేయడానికి ధైర్యం చాలదు, మూడు నెలలు పెద్ద మోతాదు మందు మొదలవుతుంది. అప్పుడు మందు వల్ల వచ్చే రక్తస్రావం భయం గడ్డ భయాన్ని మించిపోతుంది.

ఆ రక్తస్రావం ఎలా ఉంటుందో నేను చూశాను. కొన్నేళ్ల కిందట డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయనను మోకాలి ఆపరేషన్ అయిన మూడో వారంలో నా దగ్గరికి తీసుకొచ్చారు. వేరేచోట డి-డైమర్ ఒక్కటే చూసి చికిత్స మోతాదు మొదలుపెట్టారు. దానికి తోడు ఆయన నొప్పికి డైక్లోఫెనాక్ మాత్రలు వాడుతున్నారు. నాలుగు రోజుల్లో మోకాలు రాయిలా బిగిసి, చర్మం మెరుస్తూ, కాలు మడవలేని స్థితికి వచ్చింది. హీమోగ్లోబిన్ పదిన్నర నుంచి ఏడుకు పడిపోయింది. డాప్లర్ చేస్తే సిరలన్నీ శుభ్రంగా ఉన్నాయి. లేని గడ్డకు వైద్యం చేయబోయి కీలు నిండా రక్తం నింపాం. రక్తం ఎక్కించి, మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకెళ్లి కీలు కడగవలసి వచ్చింది. బాగా నడవగలగాలని ఆపరేషన్ చేయించుకున్న ఆయన మోకాలు ఆ తర్వాత తొంభై డిగ్రీలు కూడా మడవలేదు.

మీ అమ్మగారు నొప్పికి ఏం వేసుకుంటున్నారో మీరు రాయలేదు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటివైతే, ముందుముందు రక్తం పలచబరిచే మందు ఏదైనా వాడవలసి వచ్చేటట్టయితే ఆ సంగతి తప్పక చెప్పండి. నివారణ మాత్రను 14 రోజులతో ఆపడం మోకాలి మార్పిడికి మామూలుగా పాటించే పద్ధతే. ఇంతకుముందు ఎప్పుడైనా గడ్డ కట్టినవారికి, క్యాన్సర్ ఉన్నవారికి, లేచి నడవలేకపోయినవారికి దాన్ని 35 రోజుల దాకా పొడిగిస్తారు. మీ ఇంట్లో అలాంటి చరిత్ర ఉంటే సర్జన్‌ను అడగండి. పొడిగించినా అది 10 మిల్లీగ్రాముల మాత్రే, ఒక పూటే.

ఫోన్లతో, కొలతలతో కాలయాపన చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు ఇవి: ఉన్నట్టుండి ఆయాసం రావడం, గాలి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి వంద దాటి అలాగే ఉండటం. కాలు తొడ దాకా ఒక్కసారిగా వాచి బిగిసినా, పొద్దుటికి తగ్గే వాపు ఇక తగ్గడం మానేసి రోజురోజుకూ పెరుగుతున్నా ఆరోజే చూపించాలి. కోత చుట్టూ ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరమో చీమో వస్తే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, దానికీ అదేరోజు వెళ్లాలి. డి-డైమర్‌ను అది కూడా పెంచుతుంది.

రెండు వారాలాగి మళ్లీ చేయించాలా అని అడిగారు. వద్దు. అప్పటికి నెల అవుతుంది, అంకె తగ్గి ఉండవచ్చు, ఇంకా గీతకు పైనే ఉండవచ్చు. పైన ఉంటే ఇవాళ్టి భయమే మళ్లీ మొదలవుతుంది, అది కూడా గాయం మానడం వల్లో వయసు వల్లో కావచ్చు. కింద ఉంటే మీకు సంతోషం తప్ప అమ్మగారి వైద్యంలో మారేది ఏమీ లేదు. ఆ డబ్బుతో ఫిజియోథెరపీ చేసే వారిని ఇంకో నాలుగుసార్లు ఇంటికి పిలిపించండి. గంటకొకసారి మంచం మీదే చీలమండలు పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించమనండి, పిక్క కండరం సిరలోని రక్తాన్ని పైకి తోసేది అప్పుడే. వాకర్‌తో నడక ఎలాగూ సాగుతోంది. పొద్దుటి పిక్క కొలత ఇంకో రెండు వారాలు రాస్తూ ఉండండి, సర్జన్ దగ్గరికి తిరిగి వెళ్లే రోజున ఆ కాగితం తీసుకెళ్లండి.